నాలుగు పేజీల సమ్మతి నోట్‌లో రోగి ఏమడిగారు?

మార్చి 10 సాయంత్రం వచ్చే వారం ఆపరేషన్ల జాబితా చూస్తూ మా సీనియర్ సర్జన్ నన్ను ఒక ప్రశ్న అడిగారు. "పందొమ్మిదో తేదీ పిత్తాశయం కేసు ఉంది కదా, ఆ సంగీతం టీచరుగారు. ఆవిడ ఏమేమి అడిగారు?"

"అంతా నోట్‌లో రాశాను మేడం" అన్నాను.

"చూశాను. నాలుగు పేజీలుంది. ఏ ప్రమాదాలు చెప్పావు, వేరే ఏ దారులు చూపించావు, ఆవిడ ఏమడిగారు, ఈ మూడూ వేరువేరుగా నాకు కనిపించాలి. ఆపరేషన్ చేసేది నేను, మాట్లాడింది నువ్వు. థియేటర్‌లో నిలబడి నాలుగు పేజీలు చదవలేను."

నాకు కొంచెం రోషం వచ్చింది. మార్చి 3న ఓపీలో ఆపరేషన్‌కు సమ్మతి కోసం ఆమెతో నలభై నిమిషాలు మాట్లాడి, ఆ రాత్రి కూర్చుని రాసిన నోట్ అది. మా విభాగంలో ఎవరూ అంత వివరంగా రాయరని లోలోపల గర్వం కూడా ఉండేది. దాన్ని మూడు పట్టికలుగా సర్దడానికి ఒక గంట చాలనుకున్నాను. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో ఏమి జరిగిందో, ఇలాంటి పని నెత్తిన పడే తోటి డాక్టర్ల కోసం రాస్తున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను, ఆమెను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ముందు కేసు రెండు మాటల్లో. ఆమెకు యాభై రెండేళ్లు. ఆరు నెలల్లో మూడుసార్లు పొట్ట కుడి పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చింది. స్కానింగ్‌లో పిత్తాశయంలో చాలా రాళ్లు కనిపించాయి, పెద్దది 9 మిల్లీమీటర్లు. పిత్తాశయం గోడ కాస్త మందంగా, 4 మిల్లీమీటర్లు ఉంది. పిత్తనాళం వెడల్పు మామూలుగానే ఉంది. పదేళ్ల కిందట కడుపులో పుండు చిల్లుపడి ఆపరేషన్ జరిగింది. రొమ్ము ఎముక కింది నుంచి బొడ్డు దాకా నిలువు గాటు మచ్చ ఉంది. ఈ మచ్చను గుర్తుపెట్టుకోండి. లాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరా సాయంతో, పిత్తాశయం తీసేయాలన్నది మా నిర్ణయం.

మార్చి 10 రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టాను. మొదటి ప్రయత్నం ఘోరంగా పోయింది. పట్టిక తెరిచి, నోట్ పైపైన చదువుతూ, గుర్తొచ్చినవన్నీ ప్రమాదాల గడిలో టకటకా రాసేశాను. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, పిత్తనాళానికి గాయం, పిత్తరసం కారడం, గాటు దగ్గర హెర్నియా. ఇరవై నిమిషాల్లో పద్నాలుగు వరుసలు తయారయ్యాయి. చూడముచ్చటగా ఉంది. తర్వాత అనుమానం వచ్చి పిత్తనాళం సంగతి నేను ఏ పేజీలో రాశానా అని వెతికాను. ఎక్కడా లేదు. "పక్కన ఉన్న అవయవాలకు దెబ్బ తగలవచ్చు" అని మాత్రమే ఉంది.

ఆ రోజు నోటితో "పిత్తనాళం" అన్నానని నాకు గట్టి నమ్మకం. ఏ పిత్తాశయం కేసులోనైనా అంటాను. కానీ అనడం అలవాటు కాబట్టి ఆ రోజు కూడా అన్నానని అనుకుంటున్నానా, లేక నిజంగానే గుర్తుందా? ఎంత ఆలోచించినా తేలలేదు. నేను చేస్తున్నది నోట్‌ను మార్చడం కాదని, నోట్ చూసి కొత్త నోట్ రాయడమని అప్పుడర్థమైంది. అంటే జరగని సంభాషణకు సాక్ష్యం తయారుచేస్తున్నాను. పద్నాలుగు వరుసలూ తుడిచేశాను.

రెండోసారి వేరే విధంగా మొదలుపెట్టాను. నోట్ అచ్చు తీసి, ప్రతి వాక్యానికీ వరుసగా అంకె వేశాను. మొత్తం 87 వాక్యాలు. పట్టికలో ప్రతి వరుస పక్కనా అది ఏ వాక్యం నుంచి వచ్చిందో అంకె ఉండాలని, వాక్యం లేకపోతే వరుస లేదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. తర్వాత నాలుగు రంగుల పెన్నులతో ఒక్కో వాక్యం కింద గీత గీశాను. ప్రమాదానికి ఎరుపు, ప్రత్యామ్నాయానికి ఆకుపచ్చ, రోగి సందేహానికి నీలం, నిర్ణయానికి నలుపు. దేనికీ చెందనివి అలాగే వదిలేశాను.

రాత్రి పదింటికి లెక్క చూసుకుంటే సిగ్గేసింది. ప్రమాదాల గురించి 29 వాక్యాలు. నిర్ణయం గురించి మూడు. ఆపరేషన్ ఎలా చేస్తామన్న వర్ణన 18, పాత జబ్బుల చరిత్ర 26. ప్రత్యామ్నాయాలు ఆరు. రోగి సందేహాలు అయిదు. నలభై నిమిషాల సంభాషణలో ఆమె గొంతు వినిపించేది అయిదు వాక్యాల్లో. అందులో ఒకటి "రోగి అడిగిన ప్రశ్నలన్నింటికీ సమాధానాలు ఇచ్చాను" అన్నది. అది సందేహం కూడా కాదు, నా వీపు నేను తట్టుకోవడం.

అలాంటి వాక్యాలు ప్రమాదాల్లోనూ ఉన్నాయి. "శస్త్రచికిత్సకు సంబంధించిన సాధారణ ప్రమాదాలన్నీ వివరించాను" అన్నది 44వ వాక్యం. దీన్ని ఎన్ని వరుసలుగా విడదీయాలి? మరుసటి రోజు మధ్యాహ్నం డ్యూటీ గదిలో నా తోటి డాక్టర్‌ను అడిగితే, "అందులో ఆలోచించడానికేముంది? రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, మత్తు సమస్యలు. నాలుగు వరుసలు పెట్టేయ్" అన్నాడు. నాకు నచ్చలేదు. నోట్ చదివే మూడో మనిషికి "అన్నీ" అంటే ఏమిటో తెలియదు. ఆ మాట విన్న రోగికి అసలే తెలియదు. చివరికి ఒకే వరుస పెట్టి, ఆ వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నదున్నట్టు రాసి, పక్కన "ఏవి అన్నది నమోదు కాలేదు" అని రాశాను.

ఈ "నమోదు కాలేదు" అన్న మాట కోసం చాలాసేపు తడుముకున్నాను. మొదట "చెప్పలేదు" అని రాయబోయాను. చెప్పలేదనడానికి నా దగ్గర ఆధారమేముంది? చెప్పి ఉండొచ్చు, రాయలేదంతే. గడి ఖాళీగా వదిలేద్దామంటే, నేను నింపడం మరిచానా, నోట్‌లోనే లేదా అన్నది చదివేవారికి తెలియదు. చెప్పలేదు, రాయలేదు, నేను చూడలేదు, ఈ మూడూ వేరు. రికార్డులో నాకు హక్కున్నది రెండోదాని మీదే.

ప్రమాదాల పట్టికలో చివరికి 11 వరుసలు తేలాయి. ప్రతి వరుసకూ నాలుగు గడులు పెట్టాను: ప్రమాదం, ఏ మాటల్లో చెప్పాను, ఈ రోగికి ప్రత్యేకంగా ఎందుకు, అది జరిగితే ఏమి చేస్తాం. మొదటి గడి నింపడం సులువు. రెండో గడిలో నా మాటలే నన్ను వెక్కిరించాయి. "అరుదు", "చాలా అరుదు", "కొంతమందిలో", "అప్పుడప్పుడు". పదకొండింటిలో అంకె ఉన్నవి రెండే. "అరుదు" అన్నచోట పుస్తకంలో ఉన్న అంకె వేయాలని చేయి లాగింది. వేయలేదు. ఆమె విన్నది ఆ మాట, ఆ అంకె కాదు.

ఇంకో చిక్కు ఉంది. "పిత్తరసం కారవచ్చు" అన్నది 37వ వాక్యమైతే, "అయితే సాధారణంగా అలా జరగదు, కంగారు పడకండి" అన్నది 38వది. మొదటి ప్రయత్నంలో ఇలాంటి ఓదార్పు మాటలను పనికిరానివిగా పక్కన పడేశాను. తర్వాత ఆలోచిస్తే, ఆమె చెవిన పడింది రెండూ కలిపి. ప్రమాదం చెప్పి వెంటనే దాని పదును తీసేస్తే, పదును తీసేసిన సంగతి కూడా రికార్డులో ఉండాలి. రెండు వాక్యాలనూ ఒకే గడిలో పక్కపక్కనే పెట్టాను. నా మాటలు అంత మెత్తగా ఉంటాయని అంతకుముందు నాకు తెలియదు.

మూడో గడి అన్నింటికంటే పల్చన. పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌గా మారవచ్చు అన్న వరుసలో, ఈ రోగికి ప్రత్యేకంగా ఎందుకు అన్నచోట, నోట్‌లో ఏమీ లేదు. పాత గాటు మచ్చ గురించి 12వ వాక్యంలో రాశాను. ఓపెన్‌గా మారే అవకాశం గురించి 41వ వాక్యంలో రాశాను. ఆ రెంటికీ ముడి వేసిన వాక్యం నోట్ మొత్తంలో లేదు. పాత ఆపరేషన్ వల్ల పేగులు, కొవ్వు పొర గోడకు అతుక్కుని ఉండవచ్చు కాబట్టి ఈమెకు ఆ అవకాశం మిగతావారికంటే ఎక్కువ. ఏ సర్జన్ అయినా రెంటినీ కలిపి చదువుకుంటాడు. రోగి కలుపుకోదు. పొడవైన నోట్ ఇలాంటి ఖాళీలను బాగా దాచుకుంటుంది. రెండు ముక్కలూ ఎక్కడో ఒకచోట ఉంటాయి కాబట్టి చెప్పేశామనిపిస్తుంది.

ఆ మొదటి రాత్రి మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. మర్నాడు ప్రత్యామ్నాయాలకూ సందేహాలకూ ఇంకో గంటంపావు.

ప్రత్యామ్నాయాల ఆరు వాక్యాల్లో నాలుగు ఓపెన్ ఆపరేషన్ గురించే. వాటిని మళ్లీ చదివితే, అవి ఆమె ముందు పెట్టిన దారి గురించి కాదు, లాప్రోస్కోపీ కుదరకపోతే మేమేం చేస్తామో చెప్పినవి. "ఇదీ ఉంది, కావాలంటే ఎంచుకోండి" అనడం వేరు, "ఇది కుదరకపోతే అది చేస్తాం" అనడం వేరు. రెండోది ప్రత్యామ్నాయం కాదు. అది ప్రమాదం వరుసలోని నాలుగో గడికి చెందుతుంది. నాలుగింటినీ అక్కడికి మార్చాను. మిగిలినవి రెండు. ఒకటి, రాళ్లు కరిగించే మాత్రలు ఆమెకు సరిపోవన్నది. అలాంటి మాత్రలు చిన్న కొలెస్టరాల్ రాళ్లకు మాత్రమే కొంత పనిచేస్తాయి, నెలల తరబడి వాడాలి, ఆపాక రాళ్లు తిరిగి రావచ్చు. ఈ కారణం నేను రాయలేదు, "సరిపోవు" అని తేల్చేశాను. రెండోది, "ఆపరేషన్ చేయించుకోకపోతే మళ్లీ నొప్పి వస్తుంది" అన్నది. దీనికి మొదట ఎర్ర గీత గీశాను. కానీ అది ఆపరేషన్ ప్రమాదం కాదు. ఏమీ చేయకుండా ఉండటం అనే దారికి ఉన్న ప్రమాదం. ఆ దారిని దారిగా నేను ఎప్పుడూ చూపించలేదు. బెదిరింపుగా మాత్రమే చూపించాను.

సందేహాల దగ్గరకు వచ్చేసరికి ఇంకా అధ్వాన్నం. 58వ వాక్యం: "కుటుంబ సభ్యులు కేన్సర్ అవకాశం గురించి అడిగారు." ఎవరు అడిగారు? ఆమె కొడుకా, చెల్లెలా? 61, 62: "మత్తు గురించి ఆందోళన వ్యక్తం చేశారు. మత్తు డాక్టర్‌తో మాట్లాడమని సూచించాను." 63: "ఆపరేషన్ సమయం గురించి అడిగారు." సమయం అంటే ఎంతసేపు పడుతుందనా, ఎప్పుడు చేస్తారనా? రాసింది నేనే, ఎనిమిది రోజులైంది, నాకే తెలియలేదు. ఆమె మాటలను నా భాషలోకి మార్చి రాయడంతో ప్రశ్న అంతా ఆవిరైపోయి, దాని శీర్షిక మిగిలింది.

మత్తు సంగతి నన్ను కొంచెం తొలిచింది. మత్తు గురించి అందరూ భయపడతారు, మామూలే. కానీ పైకి వెళ్లి 9వ వాక్యం చదివితే "రోగి సంగీతం నేర్పుతారు" అని ఉంది. పాత చరిత్రలో, రంగు గీత లేకుండా పడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆమె మత్తు గురించి అడగలేదు. గొంతు మీద చేయి పెట్టుకుని, "గొంతులోకి గొట్టం వేస్తారట కదా" అన్నారు. అంతే. అది ప్రశ్న రూపంలో లేదు, అందుకే నేను ప్రశ్నగా రాయలేదు.

ఈ సందర్భంలో ఒక కోర్టు తీర్పు గుర్తు చేసుకోకుండా ఉండలేను. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గొమరీ కేసులో ఇచ్చిన తీర్పు సమ్మతి గురించి మాట్లాడే చోటల్లా వస్తుంది. ఆ కేసులోని గర్భిణికి మధుమేహం ఉంది, చిన్నపాటి మనిషి. బిడ్డ పెద్దగా ఉందని, మామూలు కాన్పు అవుతుందా అని ఆందోళన పడింది. బిడ్డ భుజం ఇరుక్కునే అవకాశం నూటికి తొమ్మిది పది ఉన్నా డాక్టర్ చెప్పలేదు. ఆమె ఆ ప్రమాదం గురించి ప్రత్యేకంగా అడగలేదన్న వాదన వచ్చింది, కోర్టు ఒప్పుకోలేదు. అడగాలంటే అలాంటి ప్రమాదం ఒకటుందని ముందు తెలియాలి కదా. ఆ తీర్పు నేను పరీక్షల కోసం చదివినప్పుడు ప్రమాదాల గురించిన తీర్పుగా చదివాను. నా నోట్ ముందు కూర్చున్నప్పుడు అది ఆందోళనను ప్రశ్నగా వినడం గురించిన తీర్పుగా కనిపించింది.

అయినా నా జ్ఞాపకాన్ని ఆ గడిలో రాయలేదు. నియమం నియమమే. "మత్తు గురించి ఆందోళన" అని నోట్‌లో ఉన్నదే రాసి, కింద "అడగాల్సినవి" అని ఇంకో చిన్న జాబితా మొదలుపెట్టాను. నోట్‌లో లేనివి, ఉన్నా అర్థం కానివి అన్నీ అందులోకి వెళ్లాయి. తొమ్మిది అంశాలయ్యాయి.

మార్చి 12న మా తోటి డాక్టర్‌కు అసలు నోట్ మాత్రమే ఇచ్చి, నా పట్టిక చూపించకుండా, నువ్వు కూడా ఒకటి చెయ్యి అని బతిమాలాను. రెండు రోజులు తిప్పించుకుని ఇచ్చాడు. అతనివి 13 ప్రమాదాలు, నావి 11. తేడా ఎక్కువగా ఆ 44వ వాక్యం దగ్గరే వచ్చింది. "అన్నీ" అన్నదాన్ని అతను నాలుగుగా విడదీశాడు, నేను ఒకటిగా ఉంచాను. కానీ ఒక వాక్యం దగ్గర అతనే సరైనవాడు. "నొప్పి తగ్గకపోవచ్చు కూడా" అని ఏదో మూల రాశాను. అది ఆపరేషన్ ప్రయోజనానికి ఉన్న హద్దు. దాన్ని నేను ప్రమాదాల్లో కలిపేశాను, అతను నిర్ణయం కింద వేరుగా పెట్టాడు. మార్చుకున్నాను. 44వ వాక్యం మీద మాత్రం ఇప్పటికీ మాకు రాజీ కుదరలేదు.

ఈలోగా మార్చి 13న ఒక పొరపాటు చేశాను. పట్టికను కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని ఆమె మార్చి 3 సందర్శన తెరిచి, దాని కిందే చేర్చాను. గంటలోపే రికార్డుల విభాగం ఆవిడ ఫోన్ చేశారు. "డాక్టరుగారూ, ఇది మీరు ఇవాళ రాసిందేనా? తెర మీద మార్చి 3 అని చూపిస్తోంది." నిజమే. ఏ సందర్శన కింద చేరిస్తే ఆ తేదీయే పైన కనిపిస్తుంది. చూసేవారికి నేను పాత తేదీ వేసి ముస్తాబు చేసిన పత్రంలా ఉంటుంది. అది తీయించడానికి అర్జీ పెట్టి, ఒక రోజు ఆగి, 14న విడి అనుబంధంగా మళ్లీ చేర్చాను. ఆవిడ సలహా మీదే పైన మూడు తేదీలు వేశాను: మాట్లాడిన తేదీ, నోట్ రాసిన తేదీ, ఈ పట్టిక తయారుచేసిన తేదీ. అసలు నోట్‌లో ఒక్క అక్షరం తాకలేదు. "పట్టికకూ నోట్‌కూ తేడా వస్తే నోట్‌దే తుది మాట" అని కింద ఒక వాక్యం రాశాను. ఆ ఫోన్ రాకపోయి ఉంటే ఈ పని అంతా బూడిదలో పోసిన పన్నీరయ్యేది.

మార్చి 15న టీచరుగారిని పిలిపించాం. ఆమె ఫోన్‌లో కంగారు పడ్డారు, రిపోర్టులో ఏదో తేడా వచ్చిందేమోనని. మీతో మాట్లాడింది సరిగా రాశానో లేదో చదివి వినిపిస్తానంటే, "అంతేనా" అన్నారు. ముప్పై అయిదు నిమిషాలు మాట్లాడాం.

మొదట "అరుదు" అన్న మాట తీసుకున్నాను. అరుదు అంటే ఎంతమందిలో అనుకున్నారు అని అడిగాను. "పదిమందిలో ఒకరికేమో" అన్నారు. నేను ఆ మాట వాడింది వెయ్యిమందిలో ముగ్గురు నుంచి అయిదుగురికి జరిగేదాని గురించి. అంటే ఆమె నేను చెప్పినదానికంటే ఇరవై ముప్పై రెట్లు ఎక్కువ భయాన్ని మోసుకుంటూ పన్నెండు రోజులు గడిపారు. ఈసారి అన్నీ ఒకే కొలతలో, వెయ్యిమందిలో ఎందరికి అని చెప్పాను. పిత్తనాళానికి గాయమైతే మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చని కూడా చెప్పాను. ఓపెన్‌గా మారడం మామూలుగా వెయ్యిలో యాభైమంది వరకు, మీకు పాత గాటు వల్ల అంతకంటే ఎక్కువ, ఎంత ఎక్కువో కచ్చితమైన అంకె చెప్పలేను అన్నాను. ఆమె మచ్చ మీద చేయి వేసుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు.

"అలా తెరవాల్సి వస్తే నన్ను లేపి అడుగుతారా?"

నోట్‌లో 82వ వాక్యం "అవసరమైతే ఓపెన్ ఆపరేషన్‌కు అంగీకరించారు" అని ఉంది. ఆమె అంగీకరించింది మధ్యలో ఎవరో వచ్చి అడుగుతారనుకుని. మత్తులో ఉండగా లేపి అడగడం కుదరదని, ఆపేసి మరో రోజు చేయడం ఒక దారి అని, అలా చేస్తే రెండోసారి మత్తు, మరిన్ని అతుకులు ఉంటాయని చెప్పాను. ఆలోచించి, "అయితే తెరిచేయండి. కానీ ఎందుకు తెరిచారో లేవగానే మీరే చెప్పాలి, ఇంకెవరూ కాదు" అన్నారు. అది ఆమె మాటల్లోనే రాసుకున్నాను.

63వ వాక్యంలోని "సమయం" సంగతీ తేలింది. తన విద్యార్థుల పరీక్షలు అయ్యేదాకా రెండు నెలలు ఆగొచ్చా అని ఆమె అడిగారట. నేను "ఎక్కువ ఆలస్యం చేయకండి" అన్నానట. ఇదిగో, ప్రత్యామ్నాయాల పట్టికలో లేని దారి సందేహాల పట్టికలో శీర్షికగా మారి దాక్కుంది. ఆగితే ఏమవుతుందో ఈసారి సరిగా చెప్పాను. నొప్పి మళ్లీ వచ్చే అవకాశం బాగా ఎక్కువ. పిత్తాశయం వాచడం, కామెర్లు, క్లోమం వాపు లాంటి పెద్ద సమస్యలు నొప్పి వచ్చినవారిలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా. రెండు నెలలకైతే ఇంకా తక్కువ. ఆగడం తప్పేమీ కాదు, కానీ జ్వరమో, కళ్లు పచ్చబడడమో కనిపిస్తే వెంటనే రావాలి. అంతా విని, "అంత పెద్ద ముప్పు లేదన్నమాట. అయినా ఆ నొప్పి ఇంకోసారి పడలేను. పందొమ్మిదికే ఉంచండి" అన్నారు. అదే తేదీ, అదే ఆపరేషన్. కానీ మొదటిసారి ఆమె ఒప్పుకున్నది భయంతో. ఈసారి ఎంచుకున్నారు.

కేన్సర్ ప్రశ్న తనది కాదని, చెల్లెలిదని, దాని గురించి తనకు బెంగ లేదని చెప్పారు. ఎవరు అడిగారు అన్న గడి చేర్చినందుకు సంతోషించాను.

గొంతు సంగతి చివర్లో వచ్చింది. నేను ఎత్తక ముందే ఆమే అన్నారు, "ఆ రోజు గొంతు గురించి అంటే మీరు మత్తు డాక్టర్‌ను కలవమన్నారు. ఎవరూ పిలవలేదు." సందేహాల పట్టికలో నేను పెట్టిన గడులు మూడు: ప్రశ్న, సమాధానం, ఎవరు అడిగారు. ఆ రోజే నాలుగోది చేర్చాను: ముగిసిందా, లేకపోతే ఎవరి బాధ్యత, ఏ తేదీ లోపు. పాత నోట్‌లో "సూచించాను" అన్న మాటతో నా దృష్టిలో ఆ పని అయిపోయింది. ఆ వరుస చివరికి ఇలా తయారైంది:

ప్రశ్న, ఆమె మాటల్లో: "గొంతులోకి గొట్టం వేస్తారట కదా. నేను పాడి నేర్పాలి. గొంతు పోతే?"
సమాధానం: గొంతు నొప్పి, బొంగురు కొన్ని రోజులు ఉండటం మామూలే. శాశ్వతంగా దెబ్బతినడం చాలా తక్కువ. మిగతాది మత్తు డాక్టర్ చెప్పాలి.
ఎవరు అడిగారు: రోగి. మార్చి 3న ప్రస్తావన, 15న పూర్తి ప్రశ్న.
స్థితి: తెరిచి ఉంది. మత్తు డాక్టర్, మార్చి 17 లోపు.

15వ తేదీ మాటలన్నీ పట్టికలో వేరే నిలువు వరుసలో, ఆ తేదీ కింద రాశాను. 3వ తేదీ ఖాళీలను వాటితో పూడ్చలేదు. పిత్తనాళం ఎదురుగా 3వ తేదీ కింద "నమోదు కాలేదు" అనే ఉంది, 15 కింద చెప్పినట్టు ఉంది. నా లోపం అందరికీ కనిపించేలా అలా ఉంచడం బాధగానే ఉంది. మేడం మాత్రం దాన్ని చూసి ఏమీ అనలేదు, "రెండు పేజీలైంది, ఒకటి చెయ్యి" అన్నారు. చరిత్ర తీసేసి, అక్షరాలు తగ్గించి ఒకటి చేశాను.

మత్తు డాక్టర్ 16న ఆమెతో మాట్లాడారు. కాస్త సన్నటి గొట్టం వాడతామని, దాని చివర ఉండే గాలి బుడగలో ఒత్తిడిని కొలుస్తూ 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంచుతామని చెప్పారు. గొట్టమే వేయకుండా కుదరదా అని ఆమె అడిగితే, పొట్ట నిండా గ్యాసు నింపే ఆపరేషన్‌లో తనకు అదే భద్రమనిపిస్తుందన్నారు. స్థితి గడిలో సంతకం పెట్టారు, కానీ "ముగిసింది" అని రాయలేదు. గొంతు బాగుందని తెలిశాక రాస్తానన్నారు.

మార్చి 19 ఉదయం. కెమెరా లోపలికి వెళ్లగానే తెర మీద అతుకులు తప్ప ఏమీ కనిపించలేదు. ముప్పై అయిదు నిమిషాలు ఓపికగా విడదీశాక మేడం చేయి ఆగింది. తల తిప్పకుండానే, "తెరవడం గురించి ఆవిడ ఏమన్నారు?" అని అడిగారు. గోడకు అంటించిన పేజీలోంచి సిస్టర్ చదివి వినిపించారు. "తెరిచేయండి. ఎందుకు తెరిచారో లేవగానే మీరే చెప్పాలి." మేడం కత్తి అడిగారు.

సాయంత్రం ఆమె పక్కన నిలబడి కారణం చెప్పింది నేనే. గొంతు బొంగురుగా ఉంది. "ముందే అన్నారుగా" అన్నారు.

ఆ తర్వాత ఇంకో ఆరు పాత నోట్లను ఇలా మార్చాను. ఒక్కోదానికి యాభై నిమిషాల వరకు పడుతోంది, అంతకంటే తగ్గడం లేదు. కొత్త రోగులకైతే సందేహాల పట్టికే ముందు తెరుస్తున్నాను, వాళ్లు మాట్లాడుతుండగానే వాళ్ల మాటల్లో రాస్తున్నాను.

ఏప్రిల్ 2న టీచరుగారు కుట్లు చూపించుకోవడానికి వచ్చారు. గాటు బాగా మానింది. గొంతు వరుస ఇంకా తెరిచి ఉంది కాబట్టి పేజీ తీసి అడిగాను. ఓపీ గదిలోనే మెల్లగా స రి గ మ అంటూ పైకి వెళ్లి, పై షడ్జం దగ్గర ఆగిపోయారు. "ఇక్కడ కొంచెం బిగుతుగా ఉంది" అన్నారు. ఆ మాట రాసి, స్థితి గడిలో ఏప్రిల్ 16 అని తేదీ వేసి, చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు ఆమె ముందే ఫోన్ చేశాను.